లినెన్ చొక్కా నలుగుతుంది, కుదించుకుపోతుంది: ఎందుకు, ఎంత, ఏం చేయాలి

లినెన్ చొక్కా మీద వినిపించే ఫిర్యాదులు ముఖ్యంగా రెండు. పొద్దున ఇస్త్రీ చేసి వేసుకుంటే మధ్యాహ్నానికి మడతలు పడి, అందులోనే నిద్రపోయి లేచినట్టు కనిపిస్తుంది. రెండోది, మొదటిసారి ఉతికాక చేతులు పొట్టివైపోతాయి. చాలామంది ఈ రెండింటినీ కొన్న చొక్కా నాణ్యత లోపమని అనుకుంటారు. కొన్నిసార్లు అది నిజమే. కానీ లినెన్ చల్లగా ఉండడం, నలగడం, కుదించుకుపోవడం, ఈ మూడూ ఒకే కారణం నుంచి వస్తాయి. ఆ నారకు నీటితో ఉన్న సంబంధమే ఆ కారణం. ఇది అర్థమైతే చొక్కా ఎంచుకోవడంలోనూ ఉతకడంలోనూ ఏది పనికొస్తుందో, ఏది వట్టి హడావిడో తేలిగ్గా తెలుస్తుంది.

లినెన్ అవిసె మొక్క కాండం నుంచి తీసే నార. కాటన్ లాగే ఇదీ ప్రధానంగా సెల్యులోజే, కానీ అమరికలో తేడా ఉంది. లినెన్‌లో సెల్యులోజ్ పోగులు నార పొడవునా దాదాపు నిటారుగా, దగ్గరదగ్గరగా పేర్చినట్టు ఉంటాయి. కాటన్‌లో అవి మెలిక తిరిగి ఉంటాయి. అందుకే లినెన్ నార గట్టిది, బిరుసైనది, సాగనిది. సుమారు 3 శాతం సాగేసరికి తెగిపోతుంది. కాటన్ దానికి రెట్టింపు పైనే సాగుతుంది. ఇలా సాగే గుణం లేకపోవడమే ముడతల కథకు మొదలు.

ఇక తేమ సంగతి. వస్త్ర పరిశ్రమ వాడే ప్రమాణం ప్రకారం పూర్తిగా ఎండిన 100 గ్రాముల లినెన్ మామూలు గాలిలో ఉంచితే సుమారు 12 గ్రాముల తేమ పీల్చుకుంటుంది. కాటన్‌కు ఈ లెక్క 8.5 గ్రాములు, పాలిస్టర్‌కు అర గ్రాము కూడా ఉండదు. చెమటను లినెన్ త్వరగా లాక్కుంటుంది, అంతే త్వరగా గాలికి వదిలేస్తుంది. పైగా దారం బిరుసు కాబట్టి గుడ్డ ఒంటికి అతుక్కోకుండా కాస్త ఎడంగా నిలబడుతుంది, ఆ సందులోంచి గాలి తిరుగుతుంది. చేత్తో తాకినప్పుడు చల్లగా అనిపించడం కొన్ని క్షణాల ముచ్చటే. రోజంతా హాయినిచ్చేది మాత్రం ఈ గాలి రాకపోకలే.

దీనికీ ఒక పరిమితి ఉంది. గాలిలో అప్పటికే తేమ బాగా నిండి ఉక్కపోస్తున్నప్పుడు చెమట ఆరడమే కష్టం, దానికి ఏ గుడ్డా మంత్రం వేయలేదు. అలాంటి రోజుల్లో గుడ్డ రకం కన్నా చొక్కా వదులుగా ఉండడమే ఎక్కువ పనిచేస్తుంది. ఒంటికి పట్టినట్టు కుట్టిన లినెన్ చొక్కా కన్నా వదులైన పల్చటి కాటన్ చొక్కాయే చల్లగా ఉండొచ్చు.

ముడత ఎలా పడుతుంది

సెల్యులోజ్ పోగులను పక్కపక్కన పట్టి ఉంచేవి హైడ్రోజన్ బంధాలు. ఇవి ఒక్కొక్కటీ బలహీనమైనవే, కానీ లెక్కకు మిక్కిలి ఉంటాయి కాబట్టి అన్నీ కలిస్తే గట్టి పట్టే. నీటి అణువులు లోపలికి చొరబడితే ఈ బంధాలు విడిపోతాయి. తేమ ఆరిపోగానే మళ్లీ ఏర్పడతాయి. అయితే అవి పాత చోటే ఏర్పడాలన్న నియమం లేదు, ఆ క్షణానికి నార ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే బిగుసుకుంటాయి. కుర్చీలో కూర్చున్నప్పుడు నడుం దగ్గర గుడ్డ నలుగుతుంది, ఒంటి వేడి తగులుతుంది, చెమట తడి అందుతుంది. కాసేపటికి ఆ తడి ఆరిపోతుంది. అంటే ముడతను ఇస్త్రీ చేసి కూర్చోబెట్టినట్టే. ఇస్త్రీ పెట్టె చేసే పనీ సరిగ్గా ఇదే: తడి, వేడి, ఒత్తిడి, ఆపైన ఆరడం. ఒకటి చదునుగా చేస్తుంది, ఇంకొకటి ముడతగా చేస్తుంది, అంతే తేడా.

సాగే నార అయితే వంచిన చోట కొంచెం సాగి, వదిలాక తిరిగి వెనక్కి వస్తుంది. లినెన్‌కు ఆ గుణం లేదు. అందుకే ముడతలు మోచేతి మలుపులో, పొట్ట దగ్గర, వీపు కింది భాగంలో, ప్యాంటులోకి దోపిన చోట ముందుగా పడతాయి. గాలిలో తేమ ఎక్కువున్న రోజు మరింత ఎక్కువ పడతాయి. పొడి వాతావరణంలో అదే చొక్కా కాస్త నయంగా ఉంటుంది.

ఇక్కడి నుంచి ఎంపిక గురించి ఒక ఉపయోగకరమైన విషయం తెలుస్తుంది. ముడతలన్నీ ఒక్కటి కాదు. పల్చటి దారంతో దగ్గరగా నేసిన గుడ్డలో దారాలకు కదిలే చోటు ఉండదు, కాబట్టి ముడత సన్నగా, పదునుగా, కాగితం నలిపినట్టు పడుతుంది. కొంచెం బరువైన దారంతో కొంచెం వదులుగా నేసిన గుడ్డలో దారాలు ఒకదాని మీద ఒకటి జారుకుంటాయి, ముడత పెద్దగా, మెత్తగా, ఒంపుగా పడుతుంది. జనం చూడగానే నలిగిపోయిందని అనేది మొదటి రకాన్ని. రెండోది లినెన్‌కు సహజమైన వాలకంగానే చెల్లిపోతుంది.

గుడ్డ బరువును చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని, అంటే జీఎస్‌ఎం లెక్కన చెబుతారు. చొక్కాలకు వాడే లినెన్ ఎక్కువగా 120 నుంచి 180 జీఎస్‌ఎం మధ్య ఉంటుంది. 120కి తక్కువైతే లోపలిది కనిపిస్తుంది, ముడత పదునుగా పడుతుంది, కుట్ల దగ్గర త్వరగా పిగులుతుంది. 180 దాటితే చొక్కా మీద వేసుకునే చొక్కాకు బాగుంటుంది కానీ ఎండకు బరువే. మొదటిసారి కొనేవారికి 140 నుంచి 165 వరకు ఉన్నది సరిపోతుంది. ఎంత పల్చగా ఉంటే అంత చల్లన అన్న నమ్మకం ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. గాలి ఆడడం అనేది బరువు మీద కన్నా నేత ఎంత వదులుగా ఉందన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. గుడ్డను వెలుగుకు ఎదురుగా పట్టి చూస్తే దారాల మధ్య సన్నటి చుక్కల్లా వెలుతురు సమానంగా కనిపించాలి. ఒక చోట ఎక్కువ, ఇంకో చోట తక్కువ కనిపిస్తే నేత సరిగ్గా లేదని అర్థం. అయితే వెలుతురు బాగా దూరే తెల్ల గుడ్డలోంచి ఎండా దూరుతుంది. గంటల తరబడి ఎండలో ఉండేవారు కొంచెం చిక్కటి నేత తీసుకోవడమే మేలు.

రంగు విషయంలో ముదురు సాదా రంగులు లినెన్‌లో రెండు రకాలుగా ఇబ్బంది పెడతాయి. ముడత నీడ బాగా కనిపిస్తుంది, పైగా కాలరు అంచులో, కఫ్ అంచులో, మడత పడే చోట నారలు విరిగి కొన్నాళ్లకు అంచు తెల్లబడుతుంది. చారలు, గళ్లు, రెండు రంగుల దారాలు కలిపి నేసిన మధ్యరకం రంగులు ఈ రెండింటినీ కప్పిపుచ్చుతాయి.

నలగని లినెన్

నలగదు అని రాసి ఉన్న లినెన్ కూడా దొరుకుతుంది. దాని వెనక ఉన్నవి రెండు మార్గాలు. ఒకటి, పాలిస్టర్ లాంటి సాగే పోగు కలపడం. రెండోది, రెజిన్ పూత. ఇందులో సెల్యులోజ్ పోగుల మధ్య రసాయనంతో శాశ్వతమైన వంతెనలు కడతారు. వాటిని నీళ్లు విడదీయలేవు కాబట్టి ముడత కూర్చోదు. కానీ ఇప్పటికే సాగని నారను ఇంకా కదలకుండా బిగించేసినట్టవుతుంది. ఫలితంగా గుడ్డ చిరుగుకు, రాపిడికి బలహీనమవుతుంది, చెమట పీల్చడం తగ్గుతుంది. పాలిస్టర్ కలిపితే బలం పోదు కానీ తేమ సంగతి వెనకబడుతుంది. ఏ లక్షణం కోసం లినెన్ కొంటున్నామో దాన్నే కొంత వదులుకుని ముడతను తగ్గించుకోవడం ఇది. రోజూ మీటింగుల్లో కూర్చునేవారికి ఆ బేరం గిట్టుబాటు కావచ్చు. ఎండలో తిరిగేవారికి మాత్రం గిట్టదు. మధ్యే మార్గంగా లినెన్, కాటన్ దాదాపు సగం సగం కలిపిన గుడ్డ ఉంది. అది మెత్తగా ఉంటుంది, ముడత కొంత తగ్గుతుంది, ఆరడం మాత్రం శుద్ధ లినెన్ కన్నా కాస్త ఆలస్యం.

చేతిలో ఉన్నది ఏ రకమో తేల్చుకోవడానికి మొదట లేబుల్ మీద శాతాలు చదవాలి. లినెన్ లుక్, లినెన్ ఫీల్ లాంటి మాటలు ఉండి శాతం లేకపోతే అది చాలావరకు అక్కడక్కడ దారం లావుగా వచ్చేలా వడికిన కాటనో పాలిస్టరో అయి ఉంటుంది. తర్వాత చొక్కా కింది అంచును పిడికిట్లో పది సెకన్లు గట్టిగా నలిపి వదలాలి. శుద్ధ లినెన్ అయితే గీతలు స్పష్టంగా మిగులుతాయి. ఏమీ మిగలకపోతే మిశ్రమమో పూతో ఉన్నట్టు. ఒక నీటి చుక్క వేసి చూసినా కొంత తెలుస్తుంది: పూత ఉన్న గుడ్డ మీద చుక్క కాసేపు నిలబడొచ్చు. దారం కాల్చి చూసే పద్ధతి గురించి చాలామంది చెబుతారు. దానితో పాలిస్టర్ ఉందో లేదో తెలుస్తుంది, ఉంటే కరిగి గట్టి పూసలా మారుతుంది. లినెన్‌కూ కాటన్‌కూ తేడా మాత్రం తెలియదు, రెండూ కాగితం కాలిన వాసనే వేస్తాయి.

కుదింపు లెక్క

కుదించుకుపోవడం అంటే నార పొట్టిదైపోవడం అనుకుంటారు. నిజానికి నార పొడవు దాదాపు మారదు. జరిగేది ఇది: మగ్గం మీద పడుగు దారాలను బిగించి లాగి ఉంచుతారు, ఆ తర్వాత రంగు వేసేటప్పుడు, ఆరబెట్టేటప్పుడు కూడా గుడ్డను పొడవునా లాగుతూనే ఉంటారు. ఆ సాగిన స్థితిలోనే ఆరి, మడతపెట్టి అమ్మకానికి వస్తుంది. ఇంట్లో మొదటిసారి నీళ్లలో పడగానే నార నీరు తాగి లావెక్కుతుంది, దారం ఉబ్బుతుంది. ఉబ్బిన పేక దారం చుట్టూ తిరిగి రావడానికి పడుగు దారానికి ఎక్కువ పొడవు కావాలి. ఆ పొడవు గుడ్డ నిడివిలోంచే రావాలి, కాబట్టి గుడ్డ పొట్టిదవుతుంది. ఆరాక నార సన్నబడినా ఒంపులు అలాగే ఉండిపోతాయి.

అందుకే కుదింపు సాధారణంగా పడుగు వైపు, అంటే చొక్కా పొడవులోనూ చేతుల పొడవులోనూ ఎక్కువ. అడ్డంగా, ఛాతీ వైపు తక్కువ. చాలా భాగం మొదటి ఉతుకులోనే జరిగిపోతుంది, రెండో మూడో ఉతుకులో మిగిలిన కాస్త జరిగి ఆగుతుంది. ముందే ఉతికి అమ్మే గుడ్డలోనూ, యంత్రంతో ముందే పొడవును నొక్కి కుదించిన గుడ్డలోనూ మిగిలేది 1 నుంచి 3 శాతం. ఈ నొక్కి కుదించే పద్ధతికి శాన్‌ఫరైజింగ్ అని పేరు, దాన్ని కనిపెట్టిన శాన్‌ఫర్డ్ క్లూయెట్ పేరు మీదుగా వచ్చింది. ఏ చికిత్సా లేని గుడ్డ అయితే 4, 5 శాతం కుదించుకోవడం మామూలే, అంతకు మించినా ఆశ్చర్యం లేదు.

శాతాల్లో చెబితే చిన్నగా వినిపిస్తుంది కాబట్టి ఒక చొక్కాను తీసుకుని లెక్క వేద్దాం. ముందే ఉతకని లినెన్ చొక్కా ఒకటి ఉందనుకుందాం. బల్ల మీద చదునుగా పరిచి టేపుతో కొలిస్తే వీపు మధ్యలో కాలరు కుట్టు నుంచి కింది అంచు దాకా 76 సెంటీమీటర్లు, భుజం కుట్టు నుంచి కఫ్ చివర దాకా 65, ఒక చంక నుంచి ఇంకో చంకకు 57, కాలరు 41. మొదటిసారి 40 డిగ్రీల నీళ్లలో ఉతికి, హ్యాంగర్‌కు ఆరేసి, ఆరాక ఇస్త్రీ చేయకుండానే కొలిస్తే పొడవు 73, చేయి 62.5, ఛాతీ 56, కాలరు 40.5 వచ్చాయనుకుందాం. పొడవులో 3 సెంటీమీటర్లు, అంటే దాదాపు 4 శాతం. చేతిలో రెండున్నర సెంటీమీటర్లు, అదీ దాదాపు 4 శాతమే. ఛాతీలో 2 శాతం లోపు. అడ్డం కొలతల కన్నా నిలువు కొలతలకే దెబ్బ అన్నది ఇక్కడ కనిపిస్తుంది.

ఇప్పుడు కొద్దిగా తడిపి, కాస్త లాగుతూ ఇస్త్రీ చేస్తే పొడవు 73.7కి, చేయి 63.2కి వస్తుంది. పోయింది తిరిగొచ్చిందని సంబరపడక్కర్లేదు. ఇస్త్రీ ఒంపులను తాత్కాలికంగా చదును చేసింది, అంతే. మళ్లీ నీళ్లలో పడగానే అది వెనక్కి పోతుంది, మిగిలిన కాస్త కుదింపు కూడా కలిసి రెండో ఉతుకు తర్వాత పొడవు 72.7 దగ్గర ఆగొచ్చు. అందుకే కొలతలు పోల్చేటప్పుడు ప్రతిసారీ ఇస్త్రీకి ముందే కొలవాలి. ఒకసారి ఇస్త్రీకి ముందు, ఇంకోసారి తర్వాత కొలిస్తే లెక్క తప్పుతుంది.

ఈ చొక్కా ఎవరికి సరిపోతుంది? ఛాతీ చుట్టుకొలత 100 సెంటీమీటర్లున్న మనిషిని తీసుకుందాం. ఎండకు గాలి ఆడాలంటే చొక్కా చుట్టుకొలత ఒంటి కన్నా 12 నుంచి 15 సెంటీమీటర్లు ఎక్కువుండాలి. 56ను రెట్టింపు చేస్తే 112, కాబట్టి ఛాతీ సరిపోయింది. చేయి 62 కావాల్సిన మనిషికి ఇది నప్పుతుంది. 64 కావాల్సిన మనిషికి కొన్నరోజు సరిగ్గా ఉండి, తర్వాత మణికట్టు పైకి లేస్తుంది. అతను ఒక సైజు పెద్దది తీసుకుంటే చేయి సరిపోతుంది కానీ కాలరు, భుజాలు వదులైపోతాయి, ఎందుకంటే అవి అంతగా కుదించుకోవు. ఒక సైజు పెద్దది కొనండి అన్న సలహా అందుకే సగమే నిజం. అలాంటి మనిషి ముందే ఉతికిన గుడ్డతో చేసిన చొక్కా చూసుకోవడం మంచిది, లేదంటే చేతులు మడిచి వేసుకోవాలి, లేదంటే కుట్టించుకోవాలి.

కాలరు తక్కువ కుదించుకోవడానికి కారణం లోపల ఉండే బక్రం. వేడితో అతికించిన బక్రం పెద్దగా కుదించుకోదు. దాని మీదున్న లినెన్ మాత్రం కుదించుకోవాలని చూస్తుంది. ఆ గుంజులాటలో జిగురు ఊడితే కాలరు మీద చిన్న చిన్న బుడగలు లేస్తాయి. ఒకసారి లేచాక ఇస్త్రీతో పూర్తిగా పోవు. బొత్తాల పట్టీ వెంబడి కుట్టు ముడుచుకుపోవడం కూడా ఇలాంటిదే: పాలిస్టర్ దారం పొడవు తగ్గదు, గుడ్డ తగ్గుతుంది, మిగిలిన దారం గుడ్డను అలలుగా నెడుతుంది. కొత్త చొక్కా మొదటి ఉతుకు తర్వాత ఈ రెండు చోట్లా చూస్తే, తయారీదారు గుడ్డను ముందే కుదించాడో లేదో చాలావరకు తెలిసిపోతుంది.

గుడ్డ కొని కుట్టించుకునేవారికి ఈ తలనొప్పి లేదు, కత్తెర పడకముందే గుడ్డను నానబెడితే చాలు. ఇంట్లో తర్వాత ఎంత వేడి నీళ్లలో ఉతుకుతామో కనీసం అంత వేడి నీళ్లలో, మడతలు విప్పి, రెండు మూడు గంటలు ఉంచాలి. పిండకుండా తీసి, నీరు కారనిచ్చి, ఆరేసి, కాస్త తడి ఉండగా ఇస్త్రీ చేసి టైలర్‌కు ఇవ్వాలి. రెండున్నర మీటర్ల గుడ్డలో 5 శాతం పోతే పన్నెండున్నర సెంటీమీటర్లు తగ్గుతుంది కాబట్టి కొనేటప్పుడే పావు మీటరు ఎక్కువ తీసుకోవాలి. కుట్టి బక్రం పెట్టే టైలర్ అయితే దాన్ని కూడా నానబెట్టమని చెప్పాలి. చాలామంది ఈ సంగతి మర్చిపోతారు.

ఉతకడం

తడిసినప్పుడు లినెన్ బలం తగ్గదు, పెరుగుతుంది. కాబట్టి నీళ్లంటే భయపడి ప్రతిసారీ డ్రై క్లీనింగ్‌కు ఇవ్వాల్సిన పనిలేదు. ఉతికే కొద్దీ అది మెత్తబడుతుంది కూడా. భయపడాల్సింది వంపుకు, మెలికకు. సాగని నారను పదే పదే ఒకే చోట వంచితే విరుగుతుంది. ఉతకడంలో జాగ్రత్తలన్నీ ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

వాషింగ్ మెషిన్‌లో 30 నుంచి 40 డిగ్రీలు చాలు. శుద్ధ లినెన్ నార అంతకన్నా వేడిని బాగానే తట్టుకుంటుంది, కానీ రంగు, బక్రం, దారం తట్టుకోవాలి కదా. డ్రమ్ము సగానికో మూడింట రెండు వంతులకో మించి నింపకూడదు. కిక్కిరిసిన డ్రమ్ములో గుడ్డ కదలక మడతలోనే నలుగుతుంది, ఆ ముడత ఆరాక రాయిలా బిగుస్తుంది. స్పిన్ నిమిషానికి 600, 800 తిరుగుళ్ల దగ్గర ఆపాలి. ద్రవరూపం డిటర్జెంట్ వాడితే బాగా జాడించడం తేలిక. తెల్లదనం పెంచే పదార్థాలున్న పొడులు తెలుపుకు సరే, రంగు వేయని సహజ బూడిద రంగు లినెన్‌ను మాత్రం మచ్చలు మచ్చలుగా పాలిపోయేలా చేస్తాయి. ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వద్దు. అది నార మీద జిడ్డు పొరలా కూర్చుని, చెమట పీల్చే గుణాన్నే తగ్గిస్తుంది.

క్లోరిన్ బ్లీచ్ సెల్యులోజ్‌ను తినేస్తుంది. తెల్ల చొక్కా చంకల్లో, కాలరులో పసుపు పడితే ఆక్సిజన్ రకం బ్లీచ్, అంటే సోడియం పెర్‌కార్బొనేట్ ఉన్న పొడి, గోరువెచ్చని నీళ్లలో కలిపి కొన్ని గంటలు నానబెడితే చాలావరకు పోతుంది. ఆ పసుపు ఒక్క చెమటది కాదు, ఒంటి జిడ్డు, డియోడరెంట్‌లోని అల్యూమినియం లవణాలు కూడా కలిసి ఏర్పడుతుంది. విడిచిన చొక్కాను బుట్టలో రోజుల తరబడి పడేస్తే ముదురుతుంది. ఉతికే వీలు లేకపోతే ఆ భాగాన్ని కనీసం నీళ్లతో జాడించి ఆరేయడం మంచిది.

చేత్తో ఉతికేవారు చివర్లో మెలి తిప్పి పిండడం మానుకోవాలి. తడి లినెన్‌ను తాడులా మెలేస్తే ఆ మెలిక గీతలు ఇస్త్రీకి కూడా లొంగవు. రెండు చేతుల మధ్య నొక్కి నీరు తీయడం, లేదా పొడి తువ్వాలులో చుట్టి నొక్కడం సరైన పద్ధతి.

ముడతల విషయంలో అన్నింటికన్నా ఎక్కువ ఫలితమిచ్చే పని మెషిన్ ఆగగానే చొక్కాను బయటకు తీయడం. అరగంట డ్రమ్ములో వదిలేస్తే సగం ఇస్త్రీ పని పెరుగుతుంది. తీసి రెండుమూడుసార్లు గట్టిగా విదిలించి, వెడల్పాటి హ్యాంగర్‌కు తగిలించి, పై బొత్తాం, మధ్య బొత్తాం పెట్టి, కాలరునూ బొత్తాల పట్టీనీ కుట్ల వెంబడి వేళ్లతో కిందికి లాగి సరిచేయాలి. నీటి బరువే గుడ్డను కిందికి గుంజుతూ ఆరనిస్తుంది. నీడపట్టున, గాలి తగిలే చోట ఆరేస్తే చాలు. డ్రయ్యర్ తప్పదంటే తక్కువ వేడి మీద, ఇంకా తడి ఉండగానే తీసేయాలి. డ్రయ్యర్‌లో ఎముకలా ఎండిపోయిన చొక్కాలో ముడత, కుదింపు రెండూ ఎక్కువే.

ఇస్త్రీ, ఇస్త్రీ తర్వాత

పూర్తిగా ఎండిన లినెన్ మీద ఎంత వేడి పెట్టినా ముడత సరిగా పోదు, ఎందుకంటే బంధాలు విడిపోవడానికి నీళ్లు కావాలి. తాకితే చల్లగా, తడిగా అనిపించే దశలో ఇస్త్రీ చేయాలి. ఎండిపోయి ఉంటే నీళ్లు చిలకరించి, చుట్టి, పావుగంట నుంచి అరగంట ఉంచితే తడి అంతటా సమానంగా పాకుతుంది. చిలకరించిన వెంటనే ఇస్త్రీ చేస్తే చుక్కలు పడిన చోట మాత్రమే సాఫీ అవుతుంది. లేబుల్ మీద ఇస్త్రీ పెట్టె బొమ్మలో మూడు చుక్కలుంటే 200 డిగ్రీల దాకా పెట్టొచ్చు. రెండు చుక్కలుంటే 150, ఒక్క చుక్క ఉంటే 110. పాలిస్టర్ కలిసిన వాటికి ఎక్కువగా ఒకటో రెండో చుక్కలే ఉంటాయి. ముదురు రంగులను తిరగేసి లోపలి వైపు చేస్తే నిగనిగలాడే మచ్చలు రావు.

ఇస్త్రీ చేసిన వెంటనే వేసుకోవడం పెద్ద పొరపాటు. గుడ్డ ఇంకా వెచ్చగా, కొద్దిగా తేమగా ఉంటుంది, అంటే బంధాలు ఇంకా కుదురుకోలేదు. ఆ స్థితిలో చొక్కా తొడుక్కుని కారులో కూర్చుంటే ఇస్త్రీ చేసిందంతా వృథా. పది పదిహేను నిమిషాలు హ్యాంగర్ మీద చల్లారనివ్వాలి. ఇంత చిన్న విషయానికి ఇంత తేడా ఉంటుందా అనిపిస్తుంది, కానీ ఉంటుంది.

సాయంత్రానికి నలిగిన చొక్కాను మర్నాడు వేసుకోవాలంటే మళ్లీ ఇస్త్రీ తప్పనిసరి కాదు. హ్యాంగర్‌కు తగిలించి, నలిగిన చోట నీళ్లు సన్నగా స్ప్రే చేసి, చేత్తో నిమిరి రాత్రంతా వదిలేస్తే పదును ముడతలు చాలావరకు మెత్తబడతాయి. పూర్తిగా పోవు.

గంజి పెడితే ముడత తగ్గుతుంది, నిజమే. కానీ గంజి దారాల మధ్య సందులు మూసేస్తుంది, చల్లదనం తగ్గుతుంది. బిరుసెక్కిన గుడ్డ మడత దగ్గర ఇంకా త్వరగా విరుగుతుంది. కాలరుకు, కఫ్‌లకు లేతగా పెట్టి మిగతాది వదిలేయడం ఒక రాజీ. గంజి పెట్టిన చొక్కాలను నెలల తరబడి బీరువాలో దాచకూడదు, వాటిని తినే పురుగులు చేరతాయి.

లినెన్ చొక్కా సాధారణంగా మధ్యలో చిరగదు, అంచుల్లో అరిగిపోతుంది. కాలరు మడత గీత, కఫ్ అంచు, చేతి మీద ప్రతిసారీ ఒకే చోట వేసే ఇస్త్రీ గీత, ఈ మూడు చోట్లా నారలు ముందుగా విరుగుతాయి. చేతుల మీద గీత రాకుండా ఇస్త్రీ చేయడం, కాలరు మడతను ఇస్త్రీ పెట్టెతో నొక్కకుండా చేత్తో మాత్రమే తిప్పడం, మడిచి పేర్చకుండా వేలాడదీయడం వల్ల ఈ అరుగుదల బాగా నెమ్మదిస్తుంది. కాలరు మడత దగ్గర గుడ్డ నూగులా లేచి లోపలి బక్రం కనిపించడం మొదలైతే, మిగతా చొక్కా బాగున్నప్పుడు, కాలరు విప్పి తిరగేసి కుట్టమని టైలర్‌ను అడగొచ్చు. అరిగిన వైపు కిందికి పోతుంది.